సొంత పాటయినా, కవర్ అయినా: హక్కులు సరిచూసుకుని విడుదల చేసే పద్ధతి, తప్పుడు క్లెయిమ్ వస్తే చేయాల్సిన పని

“గొంతు నాది, వయొలిన్ మా తమ్ముడిది, పాట రెండు వందల ఏళ్ల నాటిది. అయినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఎందుకు?” ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. దాని వెనకే మరో రెండు వస్తాయి. సినిమా పాటకు కవర్ పాడితే ఎవరి అనుమతి కావాలి? డబ్బు పెట్టి కొన్న బీట్ మీద చేసిన సొంత పాటను వేరొకరు తమదని ఎలా అంటున్నారు?

మూడింటికీ మూలం ఒక్కటే. మనం పాటను ఒకే వస్తువుగా చూస్తాం. చట్టం, యూట్యూబ్ యంత్రం మాత్రం దాన్ని భాగాలుగా చూస్తాయి. ఆ భాగాలను ముందే విడదీసి, ఏది ఎవరిదో రాసి పెట్టుకుంటే అనుమతి ఎవరిని అడగాలో, క్లెయిమ్ వచ్చినప్పుడు ఏమని జవాబివ్వాలో రెండూ తేలిపోతాయి. కింది క్రమం దాని ప్రకారమే ఉంది. వరుస మార్చకుండా చేయండి.

## 1. పాటను మూడుగా విడదీయండి

ప్రతి పాటలో మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి.

- సాహిత్యం: రాసినవారిది, లేదా వారి నుంచి రాతపూర్వకంగా తీసుకున్నవారిది.
- బాణీ: స్వరపరిచినవారిది, లేదా వారి నుంచి తీసుకున్నవారిది.
- రికార్డింగు: ఆ ధ్వనిముద్రణ బాధ్యత, ఖర్చు నెత్తిన వేసుకున్న నిర్మాతది. సినిమా పాట అయితే సాధారణంగా ఆడియో కంపెనీ చేతిలో ఉంటుంది.

కవర్ పాడినప్పుడు మీరు కొత్తగా తయారుచేసేది మూడోది మాత్రమే. మొదటి రెండూ పాతవారివే. “మ్యూజిక్ మొత్తం కొత్తగా వాయించాం కదా” అన్న వాదన అందుకే నిలవదు. వాద్యాలు మార్చినా బాణీ అదే.

గాయకులకు, వాద్యకారులకు వీటికి తోడు ప్రదర్శకుల హక్కు కూడా ఉంది. దాని సంగతి మూడో మెట్టులో వస్తుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు గీయండి. ఒక్కో వరుసలో హక్కుదారు పేరు, ఆ విషయం మీకు ఎలా తెలిసిందో, అనుమతి ఉందో లేదో రాయండి. ఏ వరుసైనా ఖాళీగా మిగిలితే పాట ఇంకా విడుదలకు సిద్ధం కాలేదు.

## 2. పాత కీర్తన అయితే బాణీ వయసు చూడండి

మన తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

మన దేశంలో సాహిత్యానికి, బాణీకి కాపీరైట్ కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. ఆ 60 ఏళ్లను కర్త మరణించిన తర్వాతి సంవత్సరం మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. రికార్డింగుకు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో, ముత్తుస్వామి దీక్షితులు 1835లో మరణించారు. వారి కృతుల సాహిత్యం గానీ, పరంపరగా వచ్చిన వరుస గానీ ఇప్పుడు ఎవరి సొత్తూ కాదు.

అన్నమయ్య దగ్గర లెక్క మారుతుంది. ఆయన సాహిత్యం రాగిరేకుల మీద దొరికింది. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఈనాడు మనం వింటున్న బాణీల్లో చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ 1979లో మరణించారు కాబట్టి ఆయన బాణీలకు రక్షణ 2039 చివరి దాకా ఉంటుంది. నేదునూరి కృష్ణమూర్తి 2014లో మరణించారు, ఆయన బాణీలకు 2074 చివరి దాకా ఉంటుంది. ఆ హక్కు వారసుల దగ్గర ఉందా, ఏదైనా సంస్థ దగ్గర ఉందా అన్నది అప్పటి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

అంటే “అన్నమయ్య పాట, అందరిదీ” అన్న మాట సాహిత్యం వరకు నిజం. బాణీ విషయంలో ఎవరు కట్టారో తెలుసుకోకుండా ఆ మాట అనకూడదు. రామదాసు కీర్తనలకు, భజన పాటలకు, జానపదాలకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. జానపద పాటల్లో మరో చిక్కు ఉంది. సినిమాలోనో, ప్రైవేటు ఆల్బమ్‌లోనో పల్లవి పాతదే ఉంచి చరణాలు కొత్తగా రాయించి ఉంటారు. మీ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది పాడుతున్నారా, ఆల్బమ్‌లో విన్నది పాడుతున్నారా చూసుకోండి.

బాణీ పాతదని తేలితే దానికి ఆధారం కూడా ఒకటి దాచుకోండి. తేదీ ఉన్న స్వరలిపి పుస్తకం అన్నిటికంటే గట్టి ఆధారం. దీక్షితుల కృతులకు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో, తెలుగు లిపిలోనే అచ్చువేయించిన “సంగీత సంప్రదాయ ప్రదర్శిని” ఉంది. మీరు పాడే కృతి అందులో ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. తొమ్మిదో మెట్టులో అది పనికొస్తుంది.

## 3. సొంత పాట: స్టూడియోకు వెళ్లకముందే సంతకాలు

పాట బాగా వచ్చాక, వీక్షణలు లక్ష దాటాక వాటాలు మాట్లాడుకోవడం కష్టం. రికార్డింగుకు ముందు రోజు అది పది నిమిషాల పని.

హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. వాట్సాప్‌లో “సరే అన్నా, వాడుకో” అన్న మాట వివాదం వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా తీసుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితం చేస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టే పాటకు ఈ రెండూ చాలవు.

కాగితంలో ఉండాల్సినవి:

- పాట పేరు, రాసినవారు, స్వరపరిచినవారు, వారి వాటాలు శాతాల్లో
- రికార్డింగు యజమాని ఎవరు, స్టూడియోకు అందులో భాగం ఉందా లేదా
- గాయకులు, వాద్యకారులు తమ ప్రదర్శనను ఆడియో, వీడియో రెండింటిలోనూ వాడుకోవడానికి ఇచ్చిన అంగీకారం, వారికి ఇచ్చిన మొత్తం
- కాలపరిమితి, ప్రాంతం (ప్రపంచమంతటికీ అని)
- పాటను స్ట్రీమింగ్ సేవలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ సంస్థకు పంపే అధికారం, యూట్యూబ్ యంత్రం వీడియోలను పోల్చి చూసే పాటల జాబితా అయిన కంటెంట్ ఐడీలో నమోదు చేసే అధికారం ఎవరిది
- అందరి సంతకాలు, తేదీ

రచయిత, స్వరకర్త తమకు రావలసిన సమాన వాటా రాయల్టీని వదులుకున్నట్లు రాయించుకోకండి. 2012 సవరణ తర్వాత అలాంటి షరతు చెల్లదు. రచయిత, స్వరకర్త రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యులైతే పాటను అక్కడ కూడా నమోదు చేయించండి. ప్రసారాల నుంచి, ప్రదర్శనల నుంచి వచ్చే రాయల్టీ ఆ దారిలోనే అందుతుంది.

ప్రభుత్వ కాపీరైట్ కార్యాలయంలో నమోదు తప్పనిసరి కాదు. పాట పుట్టగానే హక్కు పుడుతుంది. నమోదు ఒక సాక్ష్యం మాత్రమే. సాహిత్యానికి, బాణీకి ఒక్కోదానికి 500 రూపాయలు, రికార్డింగుకు 2,000 రూపాయలు రుసుము. నా మాట అడిగితే, ప్రతి పాటకూ దాని వెంట పడటం కంటే రికార్డింగు ప్రాజెక్టు ఫైలు, విడివిడి ట్రాకులు, మొదటిసారి ఫోనులో పాడుకున్న ముక్క తేదీలతో సహా భద్రపరచడం ఎక్కువ మేలు. క్లెయిమ్ వివాదంలో వెంటనే చూపగలిగేవి అవే.

## 4. కొన్న బీట్, లూప్, కరోకే ట్రాక్

సొంత పాటల మీద వచ్చే తప్పుడు క్లెయిమ్‌లలో చాలా వాటికి కారణం ఇక్కడే ఉంటుంది.

ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు దొరికే బీట్‌ను సాధారణంగా ఎందరికైనా అమ్ముతారు. మీరు కొన్నది వాడుకునే అనుమతి, యాజమాన్యం కాదు. అదే బీట్ మీద మరొకరు పాట చేసి, దాన్ని కంటెంట్ ఐడీలో నమోదు చేశారనుకోండి. ఆ యంత్రానికి గొంతు వేరు, బీట్ వేరు అని తెలియదు. మీ పాటలోని బీట్‌ను విని, అది వారి పాటే అనుకుంటుంది. లూపులకు, మృదంగం, తబలా శాంపిళ్లకు, ఉచిత సంగీత లైబ్రరీలకు కూడా ఇదే జరుగుతుంది.

దీనికి రెండు వైపులా జాగ్రత్త కావాలి. మీరు ఉమ్మడి లూపులతో చేసిన పాటను కంటెంట్ ఐడీలో పెట్టకండి. పెడితే ఇతరుల మీద తప్పుడు క్లెయిమ్ వేసేది మీరే అవుతారు. యూట్యూబ్ నియమాల ప్రకారం మీకు ప్రత్యేక హక్కు లేని ధ్వనిని అక్కడ నమూనాగా ఇవ్వకూడదు. ఇక మీ మీద క్లెయిమ్ వస్తే చూపడానికి బీట్ కొన్న రశీదు, లైసెన్స్ పత్రం, కొన్న రోజు ఆ పేజీ స్క్రీన్‌షాట్ మూడూ దాచుకోండి. అమ్మినవారు తర్వాత ఆ పేజీ తీసేయవచ్చు.

కరోకే ట్రాక్ సంగతి వేరు. అది మరొకరి రికార్డింగు. దాని మీద కవర్ పాడితే సాహిత్యం, బాణీలతో పాటు ట్రాక్ యజమాని అనుమతి కూడా కావాలి. యూట్యూబ్ నుంచి దించుకున్న ట్రాక్‌కు ఆ అనుమతి ఉండదు. కవర్ చేయాలనుకుంటే ఒక్క కీబోర్డుతోనైనా సరే, సొంతంగా వాయించుకోండి.

## 5. కవర్‌కు అనుమతి: మూడు దారులు

ముందు మీరు చేస్తున్నది కవరో కాదో చూసుకోండి. సాహిత్యం, బాణీ మార్చకుండా మళ్లీ పాడితే కవర్. హిందీ పాట బాణీకి తెలుగు మాటలు రాస్తే, రెండు పాటలు కలిపి కుడితే, పుట్టినరోజు కోసం చరణం మార్చితే అది కవర్ కాదు, రూపాంతరం. దానికి కింది మొదటి రెండు దారులూ పనిచేయవు, హక్కుదారు నేరుగా ఇచ్చే అనుమతి తప్ప మార్గం లేదు.

మొదటి దారి: యూట్యూబ్‌లో మాత్రమే పెట్టడం. పెద్ద సంగీత హక్కుదారులు చాలామందికి యూట్యూబ్‌తో ఒప్పందాలు ఉన్నాయి. మీ కవర్ ఎక్కగానే యంత్రం బాణీని గుర్తుపట్టి క్లెయిమ్ వేస్తుంది. వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు వారికి వెళ్తుంది. ఛానల్ భాగస్వామ్య కార్యక్రమంలో ఉండి, హక్కుదారు ఒప్పుకుంటే కొంత వాటా మీకూ వస్తుంది. ఇది అనుమతి కాదు, సహనం. హక్కుదారు ఎప్పుడైనా వీడియోను నిరోధించవచ్చు. ఈ క్లెయిమ్ సరైనదే కాబట్టి దాని మీద వివాదం వేయకండి. సరదాగా పాడుకునేవారికి ఈ దారి చాలు.

రెండో దారి: స్ట్రీమింగ్ సేవలకు ఆడియో పంపడం. కొన్ని డిస్ట్రిబ్యూటర్ సంస్థలు కొంత రుసుముకు “కవర్ లైసెన్స్” ఇస్తాయి. అవి ఎక్కువగా అమెరికా చట్టంలోని నిర్బంధ లైసెన్స్ మీద, అంటే హక్కుదారు ఒప్పుకోలు కోసం ఆగకుండా రాయల్టీ కట్టి తీసుకునే అనుమతి మీద ఆధారపడతాయి. అది అమెరికాలో ఆడియో కాపీలకు వర్తిస్తుంది. భారతదేశంలోని శ్రోతలకు గానీ, వీడియోకు గానీ వర్తించదు. కొనే ముందు “ఈ లైసెన్స్ ఏ దేశాలకు? వీడియోకు కూడానా?” అని సంస్థను రాతపూర్వకంగా అడగండి. జవాబు అమెరికా మాత్రమే అయితే విడుదలను అక్కడికే పరిమితం చేయండి, లేదా మూడో దారి పట్టండి.

మన చట్టంలో కూడా కవర్‌కు ఒక నిబంధన ఉంది, 31సి. చాలామంది దాని పేరు చెప్పి ధైర్యం చెప్పుకుంటారు. చదివి చూస్తే అది క్యాసెట్, సీడీల వ్యాపారం కోసం రాసినదని తెలుస్తుంది. మూల రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక 5 ఏళ్లు గడవాలి. హక్కుదారుకు ముందే నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందుగానే కట్టాలి. చివరి రికార్డింగు ఏ మాధ్యమంలో వచ్చిందో అందులోనే చేయాలి. ఇంట్లో పాడి ఇంటర్నెట్‌లో పెట్టేవారికి ఇది ఆచరణలో సరిపోదు, వీడియోకు అసలే సరిపోదు.

అయితే అందులోని ఒక షరతును మాత్రం అందరూ పాటించడం మంచిది. కవర్ మీద మూల గాయకుల పేరు, బొమ్మ, ఆ సినిమా పేరు వేసి శ్రోతను తికమక పెట్టకూడదు. ఇది కవర్ అని స్పష్టంగా రాయాలి.

మూడో దారి: ఆడియో కంపెనీకి నేరుగా రాయడం. నిజమైన రక్షణ ఇచ్చేది ఇదే. అధికారిక వీడియో కింద, ఆడియో సేవలో పాట వివరాల్లో కంపెనీ పేరు ఉంటుంది. పాత పాట అయితే చేతులు మారి ఉండవచ్చు కాబట్టి ప్రస్తుత యజమాని ఎవరో నిర్ధారించుకోండి. మీ లేఖలో ఇవి ఉండాలి:

- పాట, సినిమా, సంవత్సరం, రచయిత, స్వరకర్త
- పూర్తి పాటా, ఎన్ని నిమిషాలు, ఏ మార్పులు
- ఆడియోకా, వీడియోకా, రెండింటికా (రెండూ వేర్వేరు అనుమతులు)
- ఏయే వేదికలు, ఏ దేశాలు, ఎంతకాలం
- ప్రకటనల ఆదాయం తీసుకుంటారా, వదులుకుంటారా
- అనుమతి వచ్చాక మీ ఛానల్ మీద క్లెయిమ్ వేయకుండా మినహాయింపు ఇవ్వాలన్న అభ్యర్థన

జవాబు రాకపోతే అది అంగీకారం కాదు. “మూల పాట హక్కులన్నీ వారివే, నాకు ఎలాంటి వ్యాపార ఉద్దేశం లేదు” అని వివరణలో రాస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా వదులుకోండి. ఆ వాక్యం మర్యాద కోసం రాసుకోవచ్చు గానీ దానికి చట్టంలో బలం లేదు.

## 6. డిస్ట్రిబ్యూటర్‌కు పంపేటప్పుడు

ఈ మెట్టు చిన్నదే, కానీ ఇక్కడి తప్పులు తర్వాత దిద్దడం కష్టం.

ప్రతి రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల సంఖ్య ఉంటుంది. డిస్ట్రిబ్యూటరే ఇస్తారు. సంస్థ మారినా అదే రికార్డింగుకు అదే సంఖ్య ఉంచండి. మళ్లీ పాడినా, కొత్త మిక్స్ చేసినా కొత్త సంఖ్య తీసుకోండి.

- గాయకుల గడిలో మీ పేరు మాత్రమే, మూల గాయకుల పేరు వద్దు
- రచయిత, స్వరకర్త గడుల్లో పూర్తి పేర్లు, కవర్ అయితే మూలకర్తల పేర్లు
- సంప్రదాయ కృతి అయితే వాగ్గేయకారుడి పేరు, బాణీ ఆధునికమైతే స్వరకర్త పేరు
- పేరు రాసే పద్ధతి ప్రతి పాటకూ ఒకేలా
- కంటెంట్ ఐడీ గడి: మూడు హక్కులూ మీవే అయి, ఉమ్మడి లూపులు లేనప్పుడే టిక్ పెట్టండి

కంటెంట్ ఐడీ ఎంచుకుంటే అదే రోజు మీ సొంత ఛానల్‌ను, పాటలో పాల్గొన్న మిత్రుల ఛానళ్లను మినహాయింపు జాబితాలో చేర్చమని డిస్ట్రిబ్యూటర్‌ను కోరండి. ఇది మరిచిపోతే మీ పాట మీద మీ డిస్ట్రిబ్యూటరే క్లెయిమ్ వేస్తారు.

## 7. వీడియో ఎక్కించే వరుస

1. విడుదలకు కనీసం రెండు రోజుల ముందు వీడియోను ప్రైవేట్‌గా ఎక్కించండి.
2. ఎక్కించేటప్పుడు వచ్చే `Checks` దశ పూర్తయ్యేదాకా ఆగండి. ఏదైనా పాటతో పోలిక దొరికితే అక్కడే కనిపిస్తుంది.
3. క్లెయిమ్ కనిపిస్తే ఎవరిదో చూసి, కింది మెట్ల ప్రకారం తేల్చుకోండి.
4. వివరణలో రచయిత, స్వరకర్త, వాద్యకారులు, లైసెన్స్ వివరం రాయండి.
5. ఆ తర్వాతే బహిరంగం చేయండి.

పండుగ రోజు ఉదయం ఎక్కించి, ఆ సాయంత్రమే అందరికీ లింకు పంపే అలవాటు మానుకోండి. క్లెయిమ్ తేలడానికి పట్టే కాలం మీ చేతిలో ఉండదు.

## 8. క్లెయిమ్ వస్తే ముందు చదవండి

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. కంటెంట్ ఐడీ క్లెయిమ్ యంత్రం వేసేది. దాని వల్ల డబ్బు దారి మారవచ్చు, వీడియో కొన్ని దేశాల్లో ఆగవచ్చు, ఛానల్‌కు మచ్చ రాదు. హక్కుదారు చట్టబద్ధంగా తొలగింపు కోరితే వచ్చేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు వస్తే ఛానల్ పోతుంది. కాబట్టి క్లెయిమ్ చూసి భయపడి వీడియో తీసేయవలసిన అవసరం లేదు. ఆధారం లేకుండా కోపంతో వివాదం పెంచవలసిన అవసరమూ లేదు.

యూట్యూబ్ స్టూడియోలో వీడియో పక్కన `Copyright` అని ఉన్నచోట వివరాలు తెరవండి. మూడు విషయాలు రాసుకోండి: క్లెయిమ్ వేసినవారి పేరు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా, ఏ పాటతో పోల్చారో ఆ పాట పేరు. తర్వాత ఆ పాటను వెతికి, ఆ నిమిషాల్లో ఏముందో వినండి. వినకుండా వివాదం రాసేవారే ఎక్కువగా ఓడిపోతారు.

- అది మీ డిస్ట్రిబ్యూటర్ పేరే అయితే: వివాదం వేయకండి. ఛానల్ మినహాయింపు కోసం వారికే రాయండి.
- మీ బీట్ వినిపిస్తే: నాలుగో మెట్టులో చెప్పిన ఉమ్మడి లూప్ సమస్య. లైసెన్స్ చూపి వివాదం వేయండి.
- బాణీ మాత్రమే కలిస్తే, అది సినిమా పాట అయితే: క్లెయిమ్ సరైనదే.
- బాణీ కలిసి, అది సంప్రదాయ కృతి అయితే: రెండో మెట్టు పరీక్ష పెట్టండి. బాణీ పాతదైతే క్లెయిమ్ తప్పు.
- ఏమీ కలవకపోతే: తంబూర శ్రుతి పెట్టె, యాప్ ధ్వని చూడండి. ఒకే యాప్ తంబూరతో చేసిన రెండు రికార్డింగుల్లో మొదట్లోని ఆలాపన చోట పోలిక దొరకవచ్చు.

## 9. ఒక ఉదాహరణ మొదటి నుంచి

ఒక గాయని దీక్షితుల కృతి పాడారనుకుందాం. పాట తొమ్మిది నిమిషాలు. వయొలిన్, మృదంగం స్టూడియోలో వాయించారు. ఒకటో తేదీన క్లెయిమ్ వచ్చింది. ఒక ఆడియో కంపెనీ, అదే కృతి మరొకరు పాడిన రికార్డింగు పేరు చూపి, రెండో నిమిషం నుంచి నాలుగో నిమిషం దాకా తమదని అంది.

ఆమె ఆ రికార్డింగు విన్నారు. కృతి అదే, రాగం అదే, పల్లవి సంగతులు దాదాపు అవే. గొంతు వేరు, వాద్యాలు వేరు. అంటే యంత్రం బాణీని పట్టుకుంది. ఆ కంపెనీకి తమ రికార్డింగు మీద హక్కు ఉంది, దీక్షితుల బాణీ మీద లేదు.

తేదీ ఇక్కడ ముఖ్యం. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు వివాదం వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఆ తర్వాత వేస్తే వివాదం వేసిన రోజు నుంచే పక్కన పెడుతుంది. ఆమె మూడో తేదీన వేశారు.

కారణాల జాబితాలో ఏది ఎంచుకోవాలి? క్లెయిమ్ బాణీ మీద అయితే `Public domain`. మీ రికార్డింగునే తమ రికార్డింగు అన్నట్లయితే `Original content`. బీట్ లైసెన్స్ ఉంటే `License`. ఇక్కడ మొదటిది సరిపోతుంది. వివరణ ఇలా రాయవచ్చు. కంపెనీ వేరే దేశానిదైతే ఇదే విషయం ఇంగ్లీషులో పంపండి:

> ఈ కృతి ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) రచించి, స్వరపరిచినది. దీని స్వరలిపి 1904లో అచ్చయిన పుస్తకంలో ఉంది. సాహిత్యానికి, బాణీకి కాపీరైట్ గడువు ముగిసింది. ఈ వీడియోలోని గానం నాది. వయొలిన్, మృదంగం నా కోసం ఫలానా స్టూడియోలో ఫలానా తేదీన రికార్డు చేసినవి. మీరు చూపిన రికార్డింగులోని ఏ భాగమూ ఇందులో వాడలేదు. విడివిడి ట్రాకులు నా దగ్గర ఉన్నాయి.

ఇందులో కోపం లేదు, వేడుకోలు లేదు. ఏది ఎవరిదో మాత్రమే ఉంది. “ఇది దేవుడి పాట”, “నేను డబ్బు కోసం పెట్టలేదు” వంటి వాక్యాలు రాయకండి. వాటి వల్ల క్లెయిమ్ చదివే మనిషికి తేల్చుకునే ఆధారం ఏదీ అందదు.

క్లెయిమ్ వేసినవారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. వారు వదులుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తొలగింపు కూడా కోరవచ్చు. ఏమీ చేయకపోతే గడువు దాటాక క్లెయిమ్ దానంతటదే తొలగిపోతుంది.

ఇదే గాయని నేదునూరి కట్టిన బాణీలో అన్నమయ్య సంకీర్తన పాడి ఉంటే ఈ లేఖ తప్పయ్యేది. సాహిత్యం వరకే అది నిజం. అప్పుడు ఆమె చేయాల్సింది వివాదం కాదు, బాణీ హక్కుదారును వెతికి అనుమతి అడగడం. లేదా అదే సాహిత్యానికి తన సొంత బాణీ కట్టుకోవడం. రాగం పేరు రేకు మీద ఉండనే ఉంది.

## 10. తిరస్కరిస్తే

వివాదాన్ని తిరస్కరిస్తే అప్పీలు చేయవచ్చు. దానికి జవాబివ్వడానికి అవతలివారికి 7 రోజులే ఉంటాయి. క్లెయిమ్ వీడియోను పూర్తిగా నిరోధించిన సందర్భంలో మొదటి వివాదాన్ని దాటి నేరుగా అప్పీలుకు వెళ్లే వీలు కూడా ఉంది.

అప్పీలుకు ముందు ఆగి ఆలోచించండి. అప్పీలును ఒప్పుకోకపోతే అవతలివారు తొలగింపు కోరవచ్చు, దానితో స్ట్రైక్ వస్తుంది. మీ కాగితంలోని మూడు వరుసలూ నిండి ఉంటేనే ముందుకు వెళ్లండి. ఒక్క వరుసలో సందేహం ఉన్నా ఆ భాగాన్ని కత్తిరించడం లేదా ఆ వాద్యం మార్చి మళ్లీ ఎక్కించడం మేలు.

అప్పీలు చేయడానికి ముందు చూసుకోవాల్సినవి:

- అవతలి రికార్డింగు పూర్తిగా విన్నాను
- బాణీ కర్త ఎవరో, ఎప్పుడు మరణించారో ఆధారం ఉంది, లేదా బాణీ నాదే
- వాద్యకారుల సంతకాలు ఉన్నాయి
- ప్రతి లూప్‌కు, శాంపిల్‌కు లైసెన్స్ పత్రం ఉంది
- ప్రాజెక్టు ఫైలు, విడివిడి ట్రాకులు తెరుచుకుంటున్నాయి

తొలగింపు జరిగి స్ట్రైక్ వస్తే చివరి మెట్టు ప్రతివాద నోటీసు. అది అమెరికా చట్టం కింద ఇచ్చే పత్రం. అందులో మీ అసలు పేరు, చిరునామా రాయాలి. అవి అవతలివారికి చేరతాయి. అమెరికా బయట ఉన్నవారు కూడా యూట్యూబ్ ఉన్న ప్రాంతపు కోర్టు పరిధికి ఒప్పుకున్నట్లు సంతకం చేయాలి. ఆ తర్వాత 10 అమెరికా పనిదినాల్లో అవతలివారు దావా వేసినట్లు ఆధారం చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. తెలిసి అబద్ధం రాస్తే మీరే బాధ్యులు. సొంత గొంతు, సొంత వాద్యం, గడువు తీరిన బాణీ అయి, అన్నిటికీ ఆధారాలు ఉంటే ఈ నోటీసు ఇవ్వడానికి వెనుకాడనవసరం లేదు. అందులో ఏ ఒక్కటి లేకపోయినా సంతకం చేసే ముందు కాపీరైట్ వ్యవహారాలు చూసే న్యాయవాదికి మీ కాగితాలన్నీ చూపించండి.